ఏఐ గొంతు అని చెప్పినంత మాత్రాన వీడియో చచ్చిపోదు

చిన్న వీడియోలు చేసేవారిలో తరచూ వినిపించే మాట ఇది: “ఏఐ గొంతు, ఏఐ బొమ్మలు అని చెప్పారంటే రీచ్ పడిపోతుంది, జనం మూడో సెకనులోనే వెళ్ళిపోతారు. డిస్క్రిప్షన్‌లో ఒక లైను పడేస్తే సరిపోతుంది.”

రీచ్ సంగతి ముందు చూద్దాం. నిజమనిపించేలా సృష్టించిన దృశ్యాలను, గొంతులను అప్‌లోడ్ సమయంలోనే ప్రకటించాలని యూట్యూబ్ 2024 నుంచి అడుగుతోంది. అలా ప్రకటించినందువల్ల వీడియో చేరే ప్రేక్షకులు గానీ ఆదాయ అర్హత గానీ తగ్గవని ఆ సంస్థే చెబుతోంది.

జనం వెళ్ళిపోతారన్న మాటలో మాత్రం కొంత నిజముంది. నల్లటి తెర మీద “ఈ వీడియోలో ఏఐ వాడాము” అని మూడు సెకన్లు చూపిస్తే ఎవరైనా వేలితో పైకి తోసేస్తారు, ఎందుకంటే అందులో కథ లేదు. అయితే తప్పు ప్రకటనది కాదు, దాన్ని కథకు బయట పెట్టడానిది. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం పేలుడు మీద నలభై సెకన్ల వీడియో అనుకోండి. తొలి వాక్యం ఇలా ఉండవచ్చు: “ఆ రోజు కెమెరా లేదు, మీరు చూస్తున్న ఈ మేఘం ఏఐ గీసింది. కానీ దీని ఆకారం మాత్రం, దూరం నుంచి కళ్ళారా చూసిన పదిహేడేళ్ళ కుర్రాడు చెప్పింది.” ఆ కుర్రాడు ప్లినీ, మేఘం పైన్ చెట్టులా కొమ్మలు విప్పిందని తర్వాత రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కు లేఖ రాశాడు. ఇక్కడ ప్రకటనే కుతూహలం రేపుతోంది, పైగా ఏది కల్పనో ఏది సాక్ష్యమో విడదీసి చూపుతోంది. ఆపైన ఆ పేలుడులో పూడిపోయిన పాంపేయి నగరంలో దొరికిన మృతుల ప్లాస్టర్ అచ్చుల ఫొటో వచ్చినప్పుడు “ఇది అసలు ఫొటో” అనకపోతే, అంతవరకు ఏఐ బొమ్మలు చూసిన కన్ను దాన్ని కూడా కల్పనే అనుకుంటుంది. (చాలామంది మరచిపోయేది ఇదే.) లేఖ చదివే గొంతు మొదలైన చోట “కృత్రిమ గొంతు” అన్న రెండు మాటలు రెండు సెకన్లు కనిపిస్తే చాలు, అయితే శీర్షిక, బటన్లు కప్పేసే అడుగు భాగంలోనూ కుడి అంచునా వాటిని పెట్టకూడదు.

ఇక డిస్క్రిప్షన్ లైను. చిన్న వీడియోల్లో దాన్ని తెరవాలంటే విడిగా నొక్కాలి, ఎవరైనా వీడియోను దింపుకుని మరోచోట పెడితే అది వెంట రాదు. అప్‌లోడ్‌లో అడిగే Altered content ప్రశ్నకు అది జవాబు కూడా కాదు. ఆరోగ్యం, వార్తలు, ఎన్నికలు, ఆర్థికం వంటి విషయాల్లో యూట్యూబ్ లేబుల్‌ను ప్లేయర్ మీదే చూపిస్తుంది. మీ ప్రకటన నిలుస్తుందో లేదో తెలుసుకోవాలంటే, వీడియోను కొత్తవారికి ఒకసారి శబ్దం ఆపి చూపించి, మరోసారి తెర చూపకుండా వినిపించి, ఏది కల్పించినదో అడగండి.