ఏడాది మధ్యలో సీటు అడుగుతూ ప్రిన్సిపాల్‌కు రాసే లేఖలో ఏముండాలి?

బదిలీ మీద కొత్త నగరానికి వెళ్లే తల్లిదండ్రులు బడికి రాసే లేఖల్లో ఎక్కువ భాగం తమ ఇబ్బంది చెప్పుకోవడానికే సరిపోతుంది. హఠాత్తుగా బదిలీ అయిందని, పిల్లల చదువు పాడవుతోందని, దయతో సీటు ఇవ్వాలని రాస్తారు. అందులో అబద్ధమేమీ ఉండదు. కానీ ఆ లేఖ చదివే ప్రిన్సిపాల్ ముందున్న ప్రశ్నలు వేరు. ఆ తరగతిలో ఖాళీ ఉందా, లేకపోతే అదనంగా చేర్చుకోవడానికి నిబంధన ఒప్పుకుంటుందా? వచ్చే విద్యార్థి ఏ పాఠాల దాకా చదివింది, ఏ భాషలు నేర్చుకుంది? పాత బడి రికార్డు సవ్యంగా బదిలీ అవుతుందా? ఈ మూడింటికీ జవాబు చెప్పే లేఖ మీదే నిర్ణయం త్వరగా వస్తుందని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసే ఉద్యోగికి అక్టోబరులో విజయవాడ నుంచి పుణెకు బదిలీ అయింది. కూతురు ఒక ప్రైవేటు బడిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సిలబస్‌లో, ఇంగ్లిష్ మీడియంలో ఏడో తరగతి చదువుతోంది. పుణెలో ఇంటికి దగ్గరగా ఉన్నది ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ బడి. లేఖ ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది కాబట్టి అందులోని సారాంశాన్ని ఇక్కడ తెలుగులో చూద్దాం.

మొదటి వాక్యంలోనే అడిగేది చెప్పేయాలి: "మా అమ్మాయికి ఏడో తరగతిలో నవంబరు మొదటి వారం నుంచి ప్రవేశం కోరుతున్నాను, నేను పుణె శాఖలో విధుల్లో చేరాను, బదిలీ ఉత్తర్వు, పాత శాఖ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, ఇక్కడ ఇచ్చిన జాయినింగ్ రిపోర్టు జతచేశాను." ఈ మూడు కాగితాలూ ఒకటి కాదు. బదిలీ ఉత్తర్వు వచ్చాక కూడా అది వాయిదా పడవచ్చు, రద్దు కావచ్చు. కుటుంబం నిజంగా ఊరు మారిందని రుజువు చేసేవి మిగతా రెండూ, వాటితోపాటు అద్దె ఒప్పందం. సీబీఎస్‌ఈ బడుల్లో సెక్షన్‌కు 40 మంది అన్నది పరిమితి. తల్లిదండ్రుల బదిలీ వంటి ప్రత్యేక సందర్భాల్లో 45 వరకు చేర్చుకునే వెసులుబాటును బోర్డు ఇచ్చింది. సెక్షన్ నిండిందని ఆఫీసులో చెప్పినప్పుడు ప్రిన్సిపాల్‌కు ఉపయోగపడే దారి ఇదే. ఆ దారిలో వెళ్లడానికి ఆయనకు ఆధారం కావాలి. అందుకే ఈ కాగితాలను అడిగేదాకా ఆగకుండా లేఖతోపాటే ఇవ్వాలి.

ఇక చదువు సంగతి. చాలా లేఖల్లో మార్కుల శాతం ఒక్కటే ఉంటుంది. దానితో కొత్త బడికి తెలిసేది తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో బడులు జూన్‌లో తెరుస్తారు, సీబీఎస్‌ఈ బడుల్లో చాలావరకు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలవుతుంది. అంటే మన అమ్మాయి వెళ్లేసరికి అక్కడి పిల్లలు అర్ధ సంవత్సర పరీక్షలు కూడా రాసేసి ఉంటారు. కాబట్టి లేఖలో ఇలా ఉండాలి: "గణితంలో పూర్ణసంఖ్యలు, భిన్నాలు, సామాన్య సమీకరణాలు, రేఖలు–కోణాలు పూర్తయ్యాయి, త్రిభుజాలు మొదలుపెట్టారు. మిగతా సబ్జెక్టుల వివరాలు తరగతి ఉపాధ్యాయుల సంతకంతో జతచేశాను." పాత బడిలో ఉపాధ్యాయులు ఈ జాబితా రాసివ్వడానికి పట్టేది అరగంట. దానివల్ల కొత్త ఉపాధ్యాయులకు అమ్మాయికి ఏ పాఠాలు మిగిలాయో మొదటి రోజే తెలుస్తుంది.

భాషల విషయంలో దాపరికం అసలు వద్దు. మహారాష్ట్రలో 2020 నాటి చట్టం ప్రకారం అన్ని బోర్డుల బడుల్లోనూ మరాఠీ బోధన తప్పనిసరి. మన అమ్మాయి చదివింది తెలుగు, హిందీ, ఇంగ్లిష్. మరాఠీ అసలు రాదు. అయితే మరాఠీకీ హిందీకీ లిపి ఒకటే దేవనాగరి కాబట్టి చదవడం త్వరగానే పట్టుబడుతుంది. పదాలు, వ్యాకరణం మాత్రం కొత్త. ఈ మాటే లేఖలో రాసి, ఈ సంవత్సరానికి మరాఠీ మూల్యాంకనంలో ఏ వెసులుబాటు ఇవ్వగలరని నేరుగా అడగాలి. తెలుగు తరగతి గది నుంచి తప్పుకుంటుందన్న బాధ తల్లిదండ్రులకు ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ బాధ్యత ఇకపై ఇంటిదే.

చట్టం గురించి ఒక పొరపాటు తరచూ జరుగుతుంటుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌ను ఉటంకిస్తూ, టీసీ ఆలస్యమైనా ప్రవేశం నిరాకరించకూడదని ప్రైవేటు బడికి రాస్తుంటారు. ఆ సెక్షన్ ఇచ్చే బదిలీ హక్కు ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వర్తిస్తుంది. ఎయిడ్ లేని ప్రైవేటు బడులను, కేంద్రీయ విద్యాలయాల వంటి ప్రత్యేక వర్గం బడులను అందులోంచి మినహాయించారు. వర్తించని సెక్షన్‌తో హెచ్చరిస్తే సంబంధం చెడుతుంది తప్ప సీటు రాదు. ప్రైవేటు బడికి కూడా వర్తించేది 13వ సెక్షన్: చేర్చుకునే ముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్షలు పెట్టకూడదు, క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయకూడదు. దీన్ని కూడా తగాదా మాటగా రాయనక్కర్లేదు. "చేరిన తర్వాత ఏయే పాఠాల్లో సాయం అవసరమో తెలుసుకోవడానికి పరీక్ష పెడితే సంతోషం" అన్న ఒక్క వాక్యం విషయాన్ని మర్యాదగానే చెబుతుంది.

అసలు చిక్కు టీసీ దగ్గర వస్తుంది. తొందరపడి విజయవాడలో ముందే టీసీ తీసుకుని, పుణెలో సీటు దొరక్క, అమ్మాయి ఏ బడి పట్టీలోనూ లేకుండా వారాలు గడిపే పరిస్థితి రాకూడదు. అందుకే లేఖలో రెండు విషయాలు అడగాలి. సీటు ఉన్నట్టు రాతపూర్వక నిర్ధారణ ఇవ్వాలని, అది అందిన తర్వాత టీసీ సమర్పించడానికి 15 రోజుల గడువు ఇవ్వాలని. ఆ నిర్ధారణ చూపించి పాత బడిలో ఫీజు బాకీ తేల్చుకుని టీసీకి దరఖాస్తు చేయాలి. కాగితం ఒక్కటే సరిపోదు, దేశంలోని బడుల, విద్యార్థుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో పాత బడి అమ్మాయి పేరును విడుదల చేసి, బడి మారే పిల్లల పేర్లుండే డ్రాప్ బాక్సులో పెడితేనే కొత్త బడి ప్రతి విద్యార్థికీ శాశ్వతంగా ఇచ్చే 11 అంకెల పెన్ నంబరు, పుట్టిన తేదీ సాయంతో తమ జాబితాలోకి తెచ్చుకోగలదు. టీసీ చేతిలో ఉన్నా పోర్టల్‌లో పాత బడిలోనే చదువుతున్నట్టు కనిపించే సమస్య ఇక్కడే పుడుతుంది. టీసీ తీసుకునే రోజే ఆఫీసులో కూర్చుని ఆ పని చేయించుకుని రావడం మంచిది. టీసీలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో కూడా అక్కడే చూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు, చివర రాసే అక్కడి అలవాటు కలిసి పదో తరగతి సర్టిఫికెట్‌లో తేడా తెచ్చిపెడతాయి.

ఫీజు గురించి మొహమాటపడి వదిలేసేవాళ్లే ఎక్కువ. ట్యూషన్ ఫీజు చేరిన నెల నుంచి లెక్కిస్తారా, పూర్తి సంవత్సరానికా అని లేఖలోనే మర్యాదగా అడిగితే జవాబు కాగితం మీద ఉంటుంది.

ఇదంతా ఎనిమిది దాకా సాగే దారి. తొమ్మిదిలో విద్యార్థి సబ్జెక్టులతో సహా బోర్డులో నమోదవుతుంది, పదిలోకి నేరుగా చేరాలంటే బోర్డు అనుమతి కావాలి. పైగా రాష్ట్ర బోర్డులో తొమ్మిది పాసైన విద్యార్థిని సీబీఎస్‌ఈ పదిలో చేర్చుకోవడానికి సాధారణంగా నియమాలు ఒప్పుకోవు. అందువల్ల పదో తరగతి మధ్యలో బదిలీ వస్తే ఎంత బాగా రాసినా ప్రిన్సిపాల్ చేయగలిగింది కొద్దే. ఆ ఒక్క సంవత్సరం తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లలతో పాత ఊళ్లోనే ఉండటమో, తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉంచడమో మేలు. ఆ లేఖను అప్పుడు రాయాల్సింది పాత బడికి కాదు, కొత్త బడికీ కాదు, మార్చి దాకా బదిలీ ఆపమని బ్యాంకు యాజమాన్యానికి.