నవ్వించే ముందు చూడాల్సింది పెద్దవాళ్ల ముఖం కాదు

మొన్న మాఘమాసంలో కావలిలో మా దూరపు బంధువుల రిసెప్షన్‌కి వెళ్లాను. కల్యాణ మండపం నిండా జనం. ఒకవైపు పెళ్లికూతురి తరఫువాళ్లు, ఉలవపాడు వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబాలు. ఇంకోవైపు పెళ్లికొడుకు బంధువులు. ముందు వరస కుర్చీల్లో అతని ఆఫీసువాళ్లు, నెల్లూరు నుంచి వచ్చిన మేనేజరు. పెళ్లికొడుకు అక్క భర్త మైకు అందుకుని అన్నాడు: "మా బావమరిదికి ఇది తొమ్మిదో సంబంధం. ఎనిమిది మంది ఆడపిల్లలు వద్దు పొమ్మన్నాక ఈ చెల్లెమ్మ దొరికింది!"

ఒక మూల పెద్దగా నవ్వారు. ముందు వరసలో ఆఫీసువాళ్లు మేనేజరు వైపు చూసి, ఆయన నవ్వాక నవ్వారు. పెళ్లికూతురు పెదాలు నవ్వాయి, కళ్లు మాత్రం వాళ్ల నాన్న కోసం వెతికాయి.

ఇలాంటివి జరిగినప్పుడల్లా మనవాళ్లు ఒకటే మాట అంటారు: "పెద్దవాళ్ల ముందు అలాంటి జోకులేంది?" ఈ కొలత తప్పని నా గట్టి నమ్మకం. మన జిల్లా పెద్దవాళ్లు అంత సున్నితమైనవాళ్లు కాదు. వసారాలో కూర్చున్న అమ్మమ్మ, మనవడిని "ఏరా మొగుడా" అని పిలిచి వేసే చెణుకులకు కుర్రాళ్లే సిగ్గుపడి లేచిపోతారు. అదే అమ్మమ్మ, అల్లుడు గుమ్మంలో కనపడగానే నోరు కట్టేసుకుంటుంది. మాటలో మార్పు లేదు, మనిషీ మారలేదు. ఎవరు వింటుండగా అన్నదే మారింది. కలగలిసిన సభలో జోకు ప్రమాదం అక్కడే ఉంది. ప్రతి మనిషీ జోకును మాత్రమే వినడు, పక్కవాళ్లు ఆ జోకు వింటున్నారన్న సంగతిని కూడా వింటాడు.

మరి దేన్ని చూడాలి? ఆ జోకు ఎవరి మీద పడుతుందో, వాళ్లు అదే సభలో తిరిగి ఒకటి విసరగలరా? నన్నడిగితే చూడాల్సింది ఇదొక్కటే.

మన వరసలు ఎప్పుడో చేసిపెట్టిన ఏర్పాటు ఇది. బావాబావమరుదులు, వదినామరదళ్లు, తాతామనవలు పరాచికాలాడుకోవచ్చు. మామగారు, కోడలు ఆడకూడదు. అత్తా అల్లుడూ ఆడకూడదు. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవ శాస్త్రవేత్త 1940లో ఇలాంటి హాస్యపు బంధుత్వాల మీద ఒక వ్యాసం రాశాడు. కొన్ని వరసల్లో ఒకరు ఎగతాళి చేయడానికి ఆచారమే అనుమతిస్తుంది, ఎదుటివాళ్లు దానికి నొచ్చుకోకూడదు, చాలాచోట్ల వాళ్లూ తిరిగి అనవచ్చు అన్నది ఆయన చెప్పిన విషయం. ఆయన ఉదాహరణలు ఎక్కువగా ఆఫ్రికావి కానీ, మన పెళ్లి పందిట్లో పెరిగినవాళ్లకు అది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు కావలి జోకును ఈ లెక్కలో పెట్టి చూడండి. అన్నాయన, పెళ్లికొడుకు బావాబావమరుదులు. అంతవరకు ఆయనకు పూర్తి హక్కుంది, పెళ్లికొడుకు రేపు దానికి రెండింతలు అప్పచెప్పగలడు. కానీ ఆ మాట ముందుకు పోయి పెళ్లికూతురికి తగిలింది. ఆమె ఆయనకు చెల్లెలి వరస. ఆమె తండ్రి బాబాయి వరస, తమ్ముడు తమ్ముడి వరస. ఆ వైపు కూర్చున్న వాళ్లలో ఎవరితోనూ ఆయనకు పరాచికం చెల్లదు. "ఎనిమిది మంది వద్దన్నాక దొరికింది" అంటే, ఎనిమిది ఇళ్లవాళ్లు కనిపెట్టిన లోపమేదో మేం కనిపెట్టలేకపోయామా అని ఆ తండ్రి అనుకోడా? ముందు వరసలో ఉన్న మేనేజరుకు వరసలు తెలియవు. ఆయనకు మిగిలింది ఒక్కటే: తన ఆఫీసు కుర్రాడిని ఎనిమిది మంది కాదన్నారన్న సమాచారం. సోమవారం ఆఫీసులో అదే నలుగుతుంది. అక్కడ ఆ కుర్రాడు ఎవరికి బదులు చెబుతాడు?

అదే సరుకుతో అందరినీ నవ్వించే జోకు చేయొచ్చు. "మా బావమరిదికి సంబంధాలు చూడటానికి ప్రతిసారీ వెంట వెళ్లింది నేనే. వెళ్లిన ప్రతి ఇంట్లో నాకంటే ముందు వాడే బజ్జీలు ఖాళీ చేసేవాడు. ఉలవపాడులో మాత్రం ప్లేటు ముట్టుకోలేదు. అప్పుడే అర్థమైంది, సంబంధం ఖాయమని." ఇందులో ఎన్ని ఇళ్లో లెక్క లేదు, ఎవరు ఎవరిని కాదన్నారో లేదు. దెబ్బ పడింది తిరిగి కొట్టగల పెళ్లికొడుకు మీద, కాస్త చెప్పేవాడి తిండి మీద. పెళ్లికూతురికి దక్కింది గౌరవం. మేనేజరు ఈ ముక్కను ఆఫీసుకు తీసుకెళ్లినా ఎవరికీ నష్టం లేదు.

ఇలా తూకం వేసుకుంటూ కూర్చుంటే పెళ్లిలో సరదా ఏముంటుంది, నవ్వు అప్పటికప్పుడు పుట్టాలి కదా అని కొందరంటారు. నిజమే, తడుముకుంటే జోకు చచ్చిపోతుంది. కానీ వరసైన వాళ్లమధ్య తడుముకోమని ఎవరూ అనడం లేదు. బావాబావమరుదులు నలుగురూ ఒక బల్ల దగ్గర చేరి ఏమన్నా అనుకోవచ్చు. అక్కడి మాటను మైకులో పెట్టేటప్పుడే ఈ తూకం.

నా అసలు కోపం ఆ మైకు మీదే. ఒకప్పుడు పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు ఉండేవి. వియ్యపురాలి నడక, నగలు, తిండి, దేన్నీ వదిలేవాళ్లు కాదు. ఇప్పుడు ఏ మైకులోనైనా అంత ఘాటుగా అంటే పెళ్లే ఆగిపోతుంది. అప్పుడెందుకు ఆగలేదు? వాటికొక వేళ ఉండేది, అనేవాళ్ల వరస అందరికీ తెలిసేది. అన్నిటికంటే ముఖ్యం, అవతలివైపు ఆడవాళ్లు గొంతు సవరించుకుని అంతకంటే ఘాటైన పాట ఎత్తుకునేవాళ్లు. అనడం, అనిపించుకోవడం రెండూ ఒకే పందిట్లో తేలిపోయేవి.

మైకు వచ్చి దాన్ని ఒకవైపు దారి చేసింది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. దానికి తోడు ఇప్పుడు రిసెప్షన్లకు డబ్బిచ్చి యాంకర్‌ని పెడుతున్నారు. ఏ వరసా లేని ఆ మనిషి పెళ్లికూతురి తోటి ఉద్యోగినిని స్టేజీ మీదకు పిలిచి "మీకు బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా" అని అడుగుతాడు. ఆఫీసులో అలా మాట్లాడితే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం గుర్తుకొస్తుంది. కల్యాణ మండపంలో మాత్రం ఆమె తన బాస్ ముందు, తెలియని మూడు వందల మంది ముందు నవ్వి తీరాలి. నవ్వకపోతే పొగరంటారు. పెద్దవాళ్లు నొచ్చుకుంటే లేచి వెళ్లిపోగలరు, మర్నాడు ఫోన్ చేసి నిలదీయగలరు. కొత్త కోడలు, కొత్తగా చేరిన ఉద్యోగి ఆ పని చేయలేరు. జోకు విసిరేముందు వెతకాల్సింది వాళ్ల ముఖాలు.

ఆ రోజు కావలిలో పెళ్లికూతురి తమ్ముడు స్టేజీ మెట్ల దగ్గరే ఉన్నాడు. పాతికేళ్ల కుర్రాడు, ముఖం ఎర్రబడినా నవ్వుతూనే పైకి వెళ్లి మైకు కోసం చెయ్యి చాచాడు. యాంకర్ వాచీ చూపించి, కేక్ కటింగ్‌కి టైమ్ అయిపోతోందన్నాడు. పాట మొదలైంది, మైకు అతని చేతికి రాలేదు.