ఖాళీ కుర్చీకి అద్దె

ఏడాది కిందట మా బావమరిది ఫోన్ చేసి, "బావా, మీ సినిమాల యాప్‌లో నాకూ కాస్త చోటివ్వు" అన్నాడు. ఆ యాప్ వాళ్ల లెక్కలో ఒక ప్లాన్ ఒక ఇంటికే. వేరే ఇంట్లో ఉన్నవాడికి కావాలంటే నెలనెలా విడిగా కట్టి ఒక 'స్లాట్' తీసుకోవాలి. అడిగింది ఇల్లాలి తమ్ముడు కాబట్టి ఆలోచించే అవకాశం నాకు లేదు. తీసుకున్నాను.

మొన్నామధ్య వాడే సొంతంగా ప్లాన్ కొనుక్కున్నాడు. "ఇక నాది తీసెయ్ బావా" అన్నాడు. తీసెయ్యడమంటే ఎంతసేపు, రెండు నిమిషాల పని అనుకున్నాను.

ముందుగా మా టీవీలో వాడి పేరుతో ఎప్పుడో పెట్టిన ప్రొఫైల్ కనిపిస్తే దాన్ని పీకేశాను. పని అయిపోయిందనుకుని హాయిగా పడుకున్నాను. నెల తిరిగింది, బిల్లు మాత్రం తిరగలేదు, అక్కడే ఉంది. ప్రొఫైల్ అంటే వట్టి బొమ్మా, పేరూను. దానికి ఎవరూ డబ్బు తీసుకోవడం లేదు, కాబట్టి తీసినా ఒక్క పైసా తగ్గదు.

ఈసారి టీవీని వదిలేసి, కంప్యూటర్‌లో అకౌంట్ పేజీ తెరిచాను. అక్కడ వాడి పేరు, పక్కనే 'తొలగించు'. నొక్కాను. తొలగించామని మెయిల్ కూడా వచ్చింది. ఇంక సందేహమేముంది? మళ్లీ నెల గడిచింది, మళ్లీ అదే బిల్లు. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని చదివితే తెలిసింది: మనిషి వేరు, స్లాట్ వేరు. నేను తీసింది మనిషిని. స్లాట్ ఖాళీగా, ఎవరైనా వచ్చి కూర్చోవడం కోసం ఎదురుచూస్తూ ఉంది. అద్దెకున్నవాణ్ని పంపించేసి, ఖాళీ గదికి నేనే అద్దె కడుతున్నానన్నమాట.

ఒళ్లు మండింది. ఆ మంటలో పేజీ అంతటిలోకీ పెద్దగా కనిపించిన 'క్యాన్సిల్' బటన్ నొక్కేశాను. 'ఖాయమేనా?' అని అడిగితే ఖాయమే అన్నాను. ఇలాంటి పేజీల్లో పెద్ద బటన్ దేనికో తెలుసాండీ? మొత్తం ప్లాన్‌కి. మనకు కావాల్సినది ఎక్కడో కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. "మీరు వెళ్లిపోతున్నందుకు బాధగా ఉంది, 17వ తేదీ దాకా చూసుకోవచ్చు" అని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ మా ఆవిడ ఫోన్‌కీ వెళ్లింది.

"ఏమండీ, నా సీరియల్ ఇంకా పద్దెనిమిది ఎపిసోడ్లుంది. మీరెక్కడికి వెళ్లిపోతున్నారు?"

అదృష్టం కొద్దీ గడువు ఇంకా మిగిలే ఉంది. కట్టిన నెల పూర్తయ్యేలోపు 'మళ్లీ మొదలుపెట్టు' అంటే కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, పాత ప్లాన్ యథాతథంగా లేచి కూర్చుంటుంది. లేచి కూర్చుంది. పక్కన ఖాళీ స్లాట్‌ను కూడా లేపి కూర్చోబెట్టింది.

చివరికి ఆ చీమ తలకాయను పట్టుకున్నాను. 'స్లాట్ తీసివేయి.' నొక్కాను. పేజీ మళ్లీ తెరిచి చూస్తే స్లాట్ ఇంకా అక్కడే ఉంది! సరిగా నొక్కలేదేమోనని అదే చోట ఉన్న బటన్‌ను ఇంకోసారి గట్టిగా నొక్కాను. నిమిషంలో మెయిల్: "స్లాట్‌ను కొనసాగిస్తున్నందుకు ధన్యవాదాలు."

జరిగిందేమిటంటే, డబ్బు కట్టేసిన నెల పూర్తయ్యేదాకా స్లాట్ పేజీలోనే ఉంటుంది, బిల్లు తేదీన పోతుంది. ఈలోగా మనసు మార్చుకునేవాళ్ల కోసం 'తీసివేయి' ఉన్నచోటే 'ఉంచు' అనే బటన్ పెడతారు. నేను రద్దును రద్దు చేశాను.

మూడోసారి మా ఆవిడ నా చెయ్యి పక్కకు తోసి తనే నొక్కింది. ఆ తర్వాత స్లాట్ ఉందా లేదా అని చూడనేలేదు. తిన్నగా బిల్లింగ్ పేజీకి వెళ్లి 'తర్వాతి చెల్లింపు' అన్న వరుస చూసింది. అక్కడ మొత్తం తగ్గి, ప్లాన్ ఖరీదు ఒక్కటే ఉంది. నేను రెండు నెలలు చూడాల్సింది ఆ ఒక్క వరుసే. "ఇంక బిల్లు వచ్చేదాకా ఈ పేజీ ముట్టుకున్నారో..." అంది. ముట్టుకోలేదు. తగ్గిన బిల్లే వచ్చింది.

నిన్న బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. "బావా, నా ప్లాన్‌లో ఒక ఫ్రెండ్‌కి స్లాట్ ఇచ్చాను. వాడికి ఇప్పుడు అక్కర్లేదట. నువ్వు తీశావటగా, పాస్‌వర్డ్ పంపుతాను, కాస్త చూడు."

"ఫోన్ మీ అక్కకిస్తాను, ఉండు" అన్నాను.