సవరణ: తరుగుదల నగదు తెచ్చిపెట్టదు

"నగదు ప్రవాహ నివేదికలో తరుగుదలను లాభానికి కలుపుతాం అన్నారు కదా, మరి తరుగుదల ఎక్కువ వేస్తే నగదు కూడా పెరుగుతుందా?"

పెరగదు. పాత పోస్టులోని "తరుగుదల వల్ల 30 వచ్చింది" అన్న వాక్యాన్ని "లాభం లెక్కలో తీసేసిన 30ని తిరిగి కలిపాం" అని చదువుకోండి. తరుగుదల అంటే యంత్రం ఖరీదులో ఈ ఏడాదికి ఖర్చుగా రాసుకునే వంతు. ఆ యంత్రానికి డబ్బు కొన్న ఏడాదే కట్టేశారు, అది అప్పుడే పెట్టుబడి కార్యకలాపాల్లో కనిపించింది. ఈ ఏడాది వేసిన తరుగుదలకు ఎవరికీ చెల్లించింది లేదు.

అవే అంకెలు మళ్లీ చూద్దాం. లాభం 100, తరుగుదల 30. అరువు అమ్మకాల వల్ల రుణగ్రస్తుల బాకీ 40 నుంచి 90కి పెరిగింది. అమ్మకం లాభంలో చేరింది గానీ 50 ఇంకా చేతికి రాలేదు, కాబట్టి తీసేస్తాం. సరఫరాదారులకు మనం ఇవ్వాల్సింది 10 పెరిగింది, ఆ డబ్బు ఇంకా మన దగ్గరే ఉంది కాబట్టి కలుపుతాం. వ్యాపారం నుంచి వచ్చిన నగదు ఇదీ:

100 + 30 − 50 + 10 = 90

ఇప్పుడు తరుగుదల 50 వేయండి. లాభం 80కి పడిపోతుంది.

80 + 50 − 50 + 10 = 90

నగదు కదల్లేదు. పన్ను దగ్గర మాత్రం కొంచెం తేడా ఉంది: పన్ను చట్టం ఒప్పుకునే తరుగుదల పెరిగితే కట్టాల్సిన పన్ను తగ్గి, ఆ మేరకు నగదు మిగులుతుంది. పుస్తకాల్లో మనం వేసుకునే అంకెకు ఆ శక్తి సాధారణంగా ఉండదు.

చాలామంది ఇక్కడ 50 బదులు మొత్తం 90 బాకీని తీసేస్తారు. అప్పుడు నివేదిక చివరి అంకె, ఏడాది మొదటి, చివరి నగదు నిల్వల తేడా కంటే 40 తక్కువ వస్తుంది.