చేపల పులుసు గిన్నెపై ఏకసభ్య కమిషన్ నివేదిక

మా ఇంటి ఫ్రిజ్‌లో శనివారం రాత్రి జరిగిన దుర్ఘటన మీద ఏకసభ్య కమిషన్ పడింది. కమిషన్ వేసింది నేనే, ఆ ఒక్క సభ్యుడినీ నేనే. గిన్నె మీద ఫాయిల్ కప్పిందీ నేనే కాబట్టి, విచారణ నిష్పక్షపాతంగా సాగుతుందన్న విషయంలో నాకైతే ఏ అనుమానమూ లేదు.

జరిగిందిది. శనివారం సాయంత్రం మా అత్తగారు మామిడికాయ ముక్కలు వేసి నెల్లూరు చేపల పులుసు పెట్టారు. ఈ పులుసుని వండిన పూట తినేవాళ్లు ఆకలిగొన్నవాళ్లు, మర్నాడు తినేవాళ్లు రుచి తెలిసినవాళ్లు. రెండో జాతికి చెందినవాణ్ణి కనుక సగానికి పైగా స్టీలు గిన్నెలోకి తీయించాను. అంచు దాకా వచ్చింది. మూత కోసం వెతికితే దొరకలేదు. సిల్వర్ ఫాయిల్ జానెడు చింపి, గాలి పిసరంత కూడా దూరకూడదన్న పట్టుదలతో అరచేత్తో పులుసు మీదికి అదిమి, అంచు చుట్టూ బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ బిగింపు చూసి నాకే ముచ్చటేసింది.

తెల్లారి తీస్తే ఫాయిల్ జల్లెడ. కొన్ని చిల్లులు గుండుసూది మొనంత, కొన్ని మిరియం గింజంత. వాటి కింద పులుసు మీద బూడిద రంగు మరకలు, మధ్యలో తళుక్కుమనే చిన్న చిన్న రేణువులు. చేప ముక్కలు లెక్క తప్పలేదు.

కమిషన్ ముందుగా అనుమానితుల జాబితా తయారు చేసింది. బొద్దింకని పిలిపించలేకపోయాం. ఎలుకని కొట్టేశాం, ఫ్రిజ్ తలుపు తెరిచే ఎలుక ఉంటే అది చిల్లులతో సరిపెట్టదు. మా బావమరిది మీద పాత కేసులున్నాయి గానీ, ఆయన వచ్చి ఉంటే చేప ముక్కలు మిగిలేవి కావు. ఆ మిగలడమే ఆయన నిర్దోషి అనడానికి సాక్ష్యం. ఫాయిల్ మెరిసే వైపు పైకి పెట్టావా, కిందికి పెట్టావా అని మా ఆవిడ క్రాస్ ఎగ్జామినేషన్ చేసింది. మిల్లులో చివరి వరసలో రెండు రేకులని కలిపి నొక్కుతారట, ఒకదానికొకటి అంటుకున్న వైపు మాసినట్టు ఉంటుంది, రోలర్ తగిలిన వైపు మెరుస్తుంది, అంతకు మించి తేడా లేదు. ప్రశ్నని రికార్డుల నుంచి తొలగించాం.

అప్పుడు మా అత్తగారు టీ గ్లాసు కింద పెట్టి, "ఆ కాగితం సత్తుదే కదా బాబూ?" అన్నారు.

కమిషన్ కాసేపు మాట్లాడలేదు.

పులుపు సత్తు గిన్నెలో ఉంచకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ భయంతోనే ఇరవై ఏళ్ల కిందట ఇంట్లో ఉన్న సత్తు గిన్నెలన్నీ పాతసామాన్లవాడికి వేసి స్టీలు కొన్నాం. ఇప్పుడు అదే సత్తుని 11 మైక్రాన్ల మందానికి, అంటే తలవెంట్రుకలో ఏ ఆరో వంతుకో సాగదీసి, చుట్ట చుట్టి, డబ్బాలో పెట్టి అమ్మితే, తెచ్చి పులుసు నెత్తినే పెట్టాం. గిన్నెగా ఉన్నప్పుడు పల్లెటూరిది, ఫాయిల్ అయ్యాక నాగరికత.

అయితే పులుపొక్కటే రాత్రికి రాత్రి ఇంత పని చేయదు. కమిషన్ సాంకేతిక సలహాదారుగా పక్క ఫ్లాట్ కుర్రాణ్ణి పిలిచాం, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్. వాడు చెప్పింది ఇది. ఉప్పూ చింతపండూ ఉన్న ద్రవం, దాన్ని తాకుతూ రెండు వేర్వేరు లోహాలు, ఆ రెండూ ఎక్కడో ఒకచోట ఒకదానికొకటి తగిలాయంటే అది బ్యాటరీ. పులుసుకి కింద స్టీలు, పైన అల్యూమినియం, అంచు దగ్గర నేను బిగించిన బిగింపుతో రెండింటికీ కనెక్షన్. అందులో అరిగిపోయేది అల్యూమినియమే, స్టీలుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఫ్రిజ్ చల్లదనం దీన్ని నెమ్మదింపజేస్తుంది గానీ ఆపదు.

నమ్మని కమిషన్ కోసం వాడు మల్టీమీటర్ తెచ్చాడు. ఫాయిల్ ముక్కని గిన్నెకి తగలకుండా పులుసులో ముంచి, ఒక వైరు ఫాయిల్‌కి, ఒక వైరు గిన్నెకి పెడితే అర వోల్టుకి అటూ ఇటూగా చూపించింది. ఫాయిల్ అంచుకి తగలగానే సున్నా. అంటే అప్పటినుంచి కరెంటు దొడ్డిదారిన పోతోందన్నమాట. మా కాలనీలో శనివారం రాత్రంతా కరెంటు పోని ఇల్లు మా గిన్నె ఒక్కటే.

నేరస్థలాన్ని మళ్లీ పరిశీలిస్తే అంతా సరిపోయింది. పులుసు తగిలిన చోటే చిల్లులు, తగలని అంచుల్లో ఒక్కటీ లేదు. మర్నాడు అదే పులుసుని గాజు గిన్నెలో పోసి, అదే చుట్టలోంచి కొత్త ఫాయిల్ ముక్క తాకేలా కప్పి పెట్టి చూశాం. తెల్లారేసరికి చిల్లు పడలేదు. అలా రోజుల తరబడి ఉంచితే పులుపు దాని పని అది చేస్తుంది, అది వేరే సంగతి.

ఇక పులుసు గతేమిటి? మా ఆవిడ పారబోయమంది. కమిషన్ కాగితం, పెన్సిలు తీసుకుంది. ఆ ఫాయిల్ చదరపు సెంటీమీటరు బరువు 3 మిల్లీగ్రాములు. చిల్లులన్నీ కలిపితే చిటికెన వేలి గోరంత, అంటే గిన్నె మొత్తంలోకి పోయింది సుమారు 3 మిల్లీగ్రాములు. ఆహారం ద్వారా అల్యూమినియం ఒంట్లోకి కిలో బరువుకి వారానికి 1 మిల్లీగ్రాము మించకూడదని యూరప్ ఆహార భద్రత సంస్థ 2008లో చెప్పింది. నా బరువుకి అది 70 దాకా వస్తుంది. పైన మరకలున్న పొర తీసేసి మిగతాది తిన్నాను. తీర్పులో స్వప్రయోజనం ఉందని విమర్శించారు, ముక్కలు మాత్రం వాళ్లూ తిన్నారు.

ఫాయిల్‌ని నిషేధిస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, దాని స్థానంలో క్లింగ్ ఫిల్మ్‌ని ప్రవేశపెట్టాను. ఆ సాయంత్రమే రెండో దుర్ఘటన. పొయ్యి మీంచి దించిన మటన్ కూరని పింగాణీ గిన్నెలో పోసి, పొగలు కక్కుతుండగానే ఫిల్మ్ మృదంగంలా బిగించాను. చల్లారేకొద్దీ లోపలి ఆవిరి నీరై, ఫిల్మ్ గుంటపడి కూర మీది నూనెకి అంటుకుంది. దాన్ని అలాగే మైక్రోవేవ్‌లో పెడితే మొదట పూరీలా పొంగింది, తర్వాత నూనె తగిలిన చోట ముడుచుకుపోయింది. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆగుతాయి, నూనెకి ఆ మర్యాద లేదు, పలచటి ప్లాస్టిక్ మెత్తబడేది ఇంచుమించు ఆ వేడికే. పైగా నూనె ఉన్న కూరలోకే ప్లాస్టిక్‌లో కలిపిన పదార్థాలు ఎక్కువ దిగుతాయి. మైక్రోవేవ్‌కి పనికొస్తుందని డబ్బా మీద ఉన్నా, కూరకి తగలకుండా అంగుళం ఎడం ఉంచి, ఒక మూల తెరిచి పెడితేనే ఆ మాట చెల్లుతుంది. నేను మూల తెరవలేదు. ఫిల్మ్ లాగగానే తన్నుకొచ్చిన ఆవిరికి మణికట్టు కాలింది. అదే ఎగ్జిబిట్ బి.

వేడి కూర విషయంలో అత్తగారి వాంగ్మూలం క్లుప్తం: "వెడల్పు గిన్నెలోకి ఒంపి, మూత ఓరగా పెట్టు. ఆవిరి పోయాక మూసి లోపల పెట్టు." రెండు గంటలు దాటకుండా లోపలికి వెళ్లాలనీ, ఎండాకాలమైతే గంటకేననీ కమిషన్ తన వంతుగా చేర్చింది.

తుది సిఫార్సు: గిన్నెకి మూత పెట్టవలెను. అమలుకోసం సింకు కింది అలమారా ఖాళీ చేయించాం. గిన్నెలు పద్నాలుగు, మూతలు పదకొండు తేలాయి. పదకొండులో ఏ ఒక్కటీ ఆ పద్నాలుగులో దేనికీ పట్టడం లేదు. దీని మీద రెండో కమిషన్ వేయాల్సి ఉంది. దానికి ఛైర్మన్‌గా ఉండటానికి బావమరిది ఒప్పుకున్నారు, భోజనం ఇక్కడే అన్న షరతు మీద.