ఒకటో నంబరు ఆప్షన్ మహిమ

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయంటే కావలి, కందుకూరు నెట్ సెంటర్లలో కుర్చీలు చాలవు. ఒక్క పిల్ల ఆప్షన్లకు మేనమామ, పెదనాన్న, మౌస్ పట్టుకున్న కుర్రాడు తప్పనిసరిగా హాజరు కావాలి. పిల్ల కూడా రావాలన్న నియమమేమీ లేదు.

పెద్దల సిద్ధాంతంలో తికమక లేదు. "అబ్బయా, రాని కాలేజీ ముందు పెడితే ఒకటో ఆప్షన్ దండగ. వచ్చేదే ఒకట్లో పెట్టు. ఒకట్లో పెట్టినోళ్లకే ముందిస్తారు." మన కోరిక గట్టిదని తెలిస్తే కంప్యూటర్ కరిగిపోతుందని వాళ్ల నమ్మకం.

ఆ యంత్రానికి అంత దయ లేదు. అది ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినే తీసుకుంటుంది. వాళ్ల జాబితా పైనుంచి కిందికి చదివి, వాళ్లకు వర్తించే సీటు మిగిలున్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగుతుంది. ఆ తర్వాతే వెనక ర్యాంకు వంతు.

నెల్లూరులోని ఒక కాలేజీలో సీఎస్ఈ సీటు ఒక్కటే మిగిలిందనుకోండి. 41,000 ర్యాంకు అమ్మాయి దాన్ని ఒకటో ఆప్షన్‌గా, పసుపు కుంకుమ పెట్టినంత భక్తిగా పెట్టింది. 38,000 ర్యాంకు అమ్మాయికి అది పదిహేడోది. పై పదహారూ అప్పటికే నిండిపోయాయి. ఇద్దరిదీ ఒకే కేటగిరీ, ఒకే లోకల్ ఏరియా. సీటు రెండో అమ్మాయికే. అందని పదహారు ముందు పెట్టినందుకు ఆమెకు నష్టమేమీ జరగలేదు. మొదటి అమ్మాయి చేత పెద్దలు పెట్టించినవి మూడే ఆప్షన్లు. మిగతా రెండూ నిండాయి కాబట్టి ఈ విడతలో సీటే లేదు. ఈలోగా ఆమె రాయని కావలి ఈసీఈ సీటు 46,000 ర్యాంకుకు వెళ్లింది.

పోయినేడాది చివరి ర్యాంకులు చూసే కార్యక్రమం ఇంకా ఘనం. ఒంగోలు బంధువుల అబ్బాయికి ఎంత ర్యాంకుకు వచ్చిందో మనకూ అంతకే రావాలట! ప్రకాశంలో చదివినవాళ్లు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం లోకల్, నెల్లూరులో చదివినవాళ్లు ఎస్వీయూ లోకల్. 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు లోకల్‌వాళ్లవే. ఒంగోలు కాలేజీలో నెల్లూరు పిల్ల పోటీ పడేది మిగతా 15 శాతానికి, అదీ అక్కడివాళ్లతో కలిసే. కాలేజీ పేరొక్కటే చూసి, కేటగిరీ, లోకల్ ఏరియా వివరాలు చూడకపోతే ఆ అంకె జాతకం లాంటిదే.

రెండో విడతకి పెద్దలు ఉదారులవుతారు. చేతిలో సీటుండగానే "ఊరికే చూద్దాం, వస్తే వచ్చింది" అని ఇరవై కలుపుతారు. మొదటి విడతలో చేరడానికి ఇష్టమున్నవన్నీ పెట్టాలి. రెండో విడతలో చేతిలోదానికంటే మెరుగైనవే పెట్టాలి. ఇక్కడ సరిగ్గా తిరగేసి చేస్తారు. ఆ ఇరవైలో ఏది వచ్చినా పాత సీటు దానంతటదే రద్దయి ఇంకొకరికి వెళుతుంది. అప్పుడు మేనమామ ఎంత గట్టిగా అరిచినా వెనక్కి రాదు.