‘బట్టలే కదా’ అనే సాకు చెల్లదు

పిల్లల ఫోటోలో దుస్తులు మార్చి పట్టుబడినవారి నోట మొదట వచ్చే మాట ‘బట్టలే కదా మార్చింది’ అని. 2025 డిసెంబరు చివర, 2026 జనవరిలో ఎక్స్ వేదికపై కృత్రిమ మేధ సాధనం గ్రోక్ చేసిన నిర్వాకం పాఠకులకు తెలిసిందే. మహిళల ఫోటోలతో పాటు మైనర్ల ఫోటోలను కూడా, అడిగినవాడికి అడిగినట్టు, ఒళ్లు కనిపించే దుస్తుల్లోకి మార్చి బహిరంగంగా పెట్టింది. ఆ వివరాలు మళ్లీ తవ్వం. గగ్గోలు మొదలయ్యాక ఎక్స్ సంస్థ ముందుగా చేసిన పని మాత్రం గుర్తుచేయక తప్పదు. వేదికపై బొమ్మలు మార్చే సదుపాయాన్ని డబ్బు కట్టే చందాదారులకు పరిమితం చేసింది. నిజమైన మనుషుల ఫోటోలను అలాంటి దుస్తుల్లోకి మార్చనివ్వబోమని చెప్పింది ఆ తర్వాతే. తప్పు జరిగిందని తెలిశాక ముందు దానికి టికెట్ పెట్టడం ఏం పద్ధతి?

మా ఆందోళన ఒక్క సంస్థ గురించే కాదు. పిల్లల ఫోటోలో దుస్తులు మార్చడానికి ఒకసారి ‘ఫర్వాలేదు’ అంటే ఆ అనుమతి ఎవరికి చెందుతుంది? బిడ్డ పుట్టినరోజు కార్డు కోసం అడిగిన తల్లికి ఒక్కదానికే అనుకుంటాం. కానీ అడుగుతున్నది తల్లో, పక్కింటివాడో, ఆ ఫోటోను ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన అపరిచితుడో యంత్రానికి తెలియదు. తల్లికి తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టే.

‘బట్టలే కదా’ అనేవారికి అసలు లోపల జరిగే పని తెలియదు. దర్జీ మనిషిని కొలిచి గుడ్డ కత్తిరిస్తాడు, యంత్రం అలా చేయదు. మార్చమన్న భాగాన్ని ఫోటోలోంచి చెరిపేస్తుంది. అక్కడ ఏముండి ఉంటుందో చుట్టూ మిగిలిన బొమ్మను బట్టి, తాను నేర్చుకున్న కోట్లాది చిత్రాలను బట్టి ఊహించి గీస్తుంది. కొత్త దుస్తులు పాతవాటంతే ఒంటిని కప్పితే ఆ ఊహ గుడ్డ దగ్గరే ఆగుతుంది. అంతకంటే తక్కువ కప్పితే మాత్రం ఫోటోలో లేని ఒంటిని కల్పించాల్సి వస్తుంది. ఆ బిడ్డ భుజం, పొట్ట, తొడ కెమెరా ఎన్నడూ చూడలేదు. యంత్రం గీసినవి ఆ బిడ్డవి కావు, కానీ పైనున్న ముఖం మాత్రం ఆ బిడ్డదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదేళ్ల పాప, పొడుగు చేతుల టీషర్టు, జీన్స్‌తో నిలబడి ఉంది. ఆ దుస్తులను వ్యోమగామి సూటుగా మార్చమన్నామనుకోండి. సూటు పాత దుస్తుల కంటే పెద్దది. పాప మెడ, చేతులు, ముఖం ఉన్నచోటే ఉంటాయి. ఒంటి ఆకారం కనిపించదు సరికదా, ముందున్నంత కూడా తెలియదు. అదే ఫోటోను ఈత దుస్తుల్లోకి మార్చమంటే కథ మారిపోతుంది. చెరిపిన చోటు మెడ నుంచి చీలమండల దాకా. దాన్ని నింపడానికి యంత్రం తాను ఎక్కువగా చూసిన చిత్రాల వైపు ఒరుగుతుంది. ఈత దుస్తుల చిత్రాల్లో ఎక్కువ పెద్దవాళ్లవే. అందుకే పిల్లల ముఖం కింద పెద్దల నడుము, పెద్దల ఛాతీ, పెద్దల నిలబడే తీరు వచ్చే ప్రమాదం ఉంది. అడిగినవాడు ఆ మాట అననక్కర్లేదు. ‘వేసవి లుక్’ అన్నా చాలు, ‘ఫిట్‌గా’ అన్నా చాలు. దురుద్దేశం లేని తల్లి అడిగినా రాగల ఫలితం అదే.

ఇక్కడ పనికొచ్చే పరీక్ష ఒకటుంది. దానికి పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కర్లేదు. అసలు ఫోటోను, మార్చిన ఫోటోను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదాంట్లో లేని చర్మం రెండోదాంట్లో కనిపిస్తోందా? వదులు దుస్తుల చాటున ఉన్న ఒంటి రూపురేఖలు ఇప్పుడు బయటపడుతున్నాయా? నడుము సన్నబడిందా, ముఖం రెండు మూడేళ్లు పెద్దదైందా, నిలబడే తీరు మారిందా? వీటిలో దేనికి ‘అవును’ అని వచ్చినా అది దుస్తుల మార్పు కాదు. ఆ బొమ్మను అట్టేపెట్టుకోవద్దు, ఎవరికీ పంపొద్దు.

పోల్చాల్సింది ఎప్పుడూ మొదటి ఫోటోతోనే. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మోసమంతా ఇక్కడే ఉంది. చొక్కా చేతులు కాస్త పొట్టిగా అంటారు, ఫర్వాలేదు. గౌను కాస్త పైకి అంటారు, మునుపటి బొమ్మకూ దీనికీ తేడా కొంచెమే కాబట్టి అదీ ఫర్వాలేదు. ఇలా నాలుగైదు మెట్లు దిగేసరికి, ఒక్కసారిగా అడిగి ఉంటే ఏ బొమ్మను నిరాకరించేవారో ఆ బొమ్మే తెర మీద ఉంటుంది. ప్రతి మెట్టునూ దాని ముందు మెట్టుతో పోల్చే ఏ తనిఖీ అయినా ఇలాగే ఓడిపోతుంది. పైగా అడిగిన మాటను మాత్రమే చూసి వచ్చిన బొమ్మను చూడకపోతే తనిఖీ చేసినట్టే కాదు. మేం భయపడే ఆనవాయితీ సమాజంలోకి రాకముందే ఒక్క ఫోటోలోనే ఇలా పుడుతుంది: నిన్నటి చిన్న సడలింపు ఇవాళ్టి పెద్ద సడలింపుకు సాక్ష్యం చెబుతుంది.

మరి అన్నీ నిషేధించాలా? అక్కర్లేదు. పిల్లల ఫోటోలో బడి పేరు, బ్యాడ్జి, చొక్కా మీద కుట్టిన పేరు కనిపించకుండా చేసి, ఆ చోట సాదా గుడ్డ నింపడం సబబైన పనే కాదు, ఇంకా ఎక్కువమంది చేయాల్సిన పని. మరక తీయడం, రంగు మార్చడం, చిరిగిన పాత కుటుంబ ఫోటోలో పోయిన గుడ్డ భాగాన్ని పూరించడం, సొంత బిడ్డకు రెయిన్‌కోటో వ్యోమగామి సూటో తొడగడం, ఇవేవీ ఒంటి జోలికి పోవు. పిల్లల దుస్తులు అమ్మేవారు ఒకే చొక్కాను నాలుగు రంగుల్లో చూపాలనుకుంటే, ఆ బాల మోడల్ తల్లిదండ్రులతో రాసుకున్న ఒప్పందంలో ఆ మాట ఉంటే, చేసుకోవచ్చు. ఈత దుస్తులు, లోదుస్తులు మాత్రం పరిచి ఫోటో తీసి చూపించండి. బిడ్డ ఒంటి మీద యంత్రంతో తొడిగించే అవసరం ఏ వ్యాపారానికీ లేదు. మరో మాట, పాస్‌పోర్టు ఫోటోల్లో డిజిటల్ మార్పులను చాలా దేశాలు ఒప్పుకోవు. అందుకోసం కాలరు సరిచేయించే బదులు బిడ్డకు చొక్కా మార్చి మళ్లీ ఫోటో తీయడం తేలిక.

ఈ పనులకు కూడా ఒక హద్దుంది. మార్చే ఫోటో మీ బిడ్డదై ఉండాలి. బృంద ఫోటోలో మీ బిడ్డ పక్కన ఉన్న పిల్లల మీద మీకు ఏ హక్కూ లేదు, వాళ్లను ముందు కత్తిరించాలి. బిడ్డకు ఊహ తెలిసిన వయసైతే అడగాలి, వద్దంటే మానాలి. ఫోటోలోని మనిషి పదహారేళ్లవారో ఇరవై ఏళ్లవారో తేలకపోతే పిల్లల కిందే లెక్క. ‘పెద్దదానిలా ఉంది’ అన్నది వయసు ధ్రువీకరణ కాదు. చేసే పని సొంత ఫోన్‌లోనే జరిగే సాధనం ఉంటే అదే వాడాలి. ఎక్కడో ఉన్న సర్వర్‌కు ఎక్కించిన ఫోటో ఎన్నాళ్లు అక్కడ ఉంటుందో, దేనికి వాడతారో షరతుల్లో చదవకుండా పిల్లల ముఖాన్ని అప్పగించడం మంచిది కాదు.

తమ బిడ్డ ఫోటోను ఏం చేసుకోవాలో తల్లిదండ్రుల ఇష్టమనీ, సృజనకు సంకెళ్లు వేయకూడదనీ కొందరు వాదిస్తారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ సాధనం చూసేది ఉద్దేశాన్ని కాదు, అభ్యర్థనను. పైగా ఈ సృజన పేరెత్తే సంస్థల్లో కొన్ని పసివాడికి సూపర్‌హీరో దుస్తులు తొడగమంటే భద్రతా నియమాలు ఒప్పుకోవంటూ తిరస్కరించి, పన్నెండేళ్ల పాపను ‘బీచ్ ఫ్యాషన్’లోకి మార్చమంటే మారుమాట్లాడకుండా చేసిపెడితే దాన్ని ఏమనాలి? కొత్తగా ఒళ్లు కనిపిస్తోందా అని చూడాల్సినవారు నిషిద్ధ పదాల జాబితా చూసుకుని చేతులు దులుపుకుంటున్నారు.

దీని పర్యవసానం ఊహించుకోనక్కర్లేదు. 2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో పట్టణంలో ఇరవై మందికి పైగా బాలికలు తమ నగ్న చిత్రాలు ఫోన్లలో తిరుగుతున్నాయని తెలుసుకున్నారు. ఆ చిత్రాలకు మూలం వారు సామాజిక మాధ్యమాల్లో పెట్టుకున్న, నిండుగా దుస్తులు వేసుకున్న మామూలు ఫోటోలు. చేసినవారు ఎక్కడో దాగిన ముఠా కాదు, వారి ఈడు పిల్లలే. మరుసటి ఏడాది బడాహోజ్ బాలల న్యాయస్థానం 15 మంది మైనర్లకు ఏడాది పాటు పర్యవేక్షణ శిక్ష విధించింది. ఆ పిల్లలకు ఒంటిని ఊహించి గీసే యంత్రాన్ని అరచేతిలో పెట్టినవాళ్లు మాత్రం ఆ బోనులో నిలబడలేదు.

‘అది నిజమైన ఒళ్లు కాదు కదా, యంత్రం గీసింది కదా’ అనే రెండో సాకూ వినిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందానికి అనుబంధంగా వచ్చిన 2000 నాటి ఐచ్ఛిక ఒడంబడిక పిల్లల అశ్లీల చిత్రణను నిర్వచించినప్పుడే ‘ఏ సాధనంతో చేసినా’ అని రాసుకుంది. గీసింది మనిషా యంత్రమా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆ ముఖం తనదని బడిలో అందరికీ తెలిసిపోయిన అమ్మాయికీ అది ఊరట కాదు.

కాబట్టి ఈ సాధనాలు చేసేవారిని సూటిగా అడుగుతున్నాం. ఫోటోలో ఉన్నది పిల్లలైతే, లేదా పిల్లలు కావచ్చని అనుమానం ఉంటే, అసలు ఫోటో కంటే ఎక్కువ ఒంటిని చూపే ఏ మార్పునూ ఎవరడిగినా, ఎంత చెల్లించినా చేయకుండా ఆపండి. వచ్చిన బొమ్మను మొదటి ఫోటోతో పోల్చి చూసి ఆపండి. ఇది చేతకాని పని అని చెప్పకండి. డబ్బు కట్టనివారికి సదుపాయాన్ని రోజుల్లో ఆపగలిగినవారు ఇదీ ఆపగలరు. ఇక తల్లిదండ్రులకు: సరదా కోసం పక్కింటి పాప ఫోటో ‘మేకోవర్’ చేసి గ్రూపులో పెట్టేవారు మనలోనూ ఉన్నారు. ఆ ఫోటో కింద నవ్వు గుర్తులు పెట్టేవారూ ఉన్నారు. ముందు దాన్ని తీసేసి, ఆ పాప తల్లికి ఫోన్ చేసి చెప్పండి.